టీ ఖర్చు ఏడాదికి ఎంత? కాకిలెక్క కాదు, అసలు లెక్క

రోజూ తాగే టీ, కాఫీ ఖర్చు గురించి ఎవరైనా మాట్లాడితే లెక్క ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కప్పు ధరను రెండుతో, ఆ వచ్చినదాన్ని 365తో హెచ్చవేస్తారు. పెద్ద అంకె వస్తుంది. "చూశావా, ఇదంతా మిగిలేది!" అంటారు. ఈ లెక్కలో రెండు తప్పులున్నాయి. ఒకటి, ఖర్చు అది కాదు. రెండు, అదే ఖర్చు అయినా అంతా మిగలదు. నేను నా ఖర్చును పట్టుదలగా లెక్క వేసుకున్నప్పుడు అసలు ఖర్చు నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ తేలింది, మిగిలేదేమో చాలా తక్కువ తేలింది. ఆ రెండు అంకెలకూ ఎలా చేరుకోవాలో వరుసగా చెబుతాను.

ఒక్క మాట ముందే. ఏ ఊళ్లో, ఏ డబ్బుతో అన్నది ఇక్కడ అనవసరం. అందుకని నేను కొనే కప్పు ధరను 10 అనుకుని, మిగతా అంకెలన్నీ దానికి తగ్గట్టుగా మార్చి రాశాను. మీ కప్పు 20 అయితే అన్నిటినీ రెట్టింపు చేసుకోండి, సరిపోతుంది.

మొదట ఊహను కాగితం మీద పెట్టండి

లెక్క మొదలుపెట్టే ముందే "నా ఖర్చు ఏడాదికి ఇంత ఉండొచ్చు" అని ఒక అంకె రాసి, మడిచి పక్కన పెట్టండి. తర్వాత దీంతో పని ఉంటుంది. నా ఊహ ఇలా ఉంది: రోజుకు రెండు టీలు, అంటే 20. ఏడాదికి 7,300.

రెండు వారాలు రాయండి, ఏమీ మార్చకండి

పద్నాలుగు రోజులు వరుసగా రాయాలి. ఒక్క వారం సరిపోదు. ఆ వారంలో ఎవరిదో పుట్టినరోజు పార్టీ వచ్చినా, మీకు జలుబు చేసి రెండు రోజులు ఇంట్లో పడుకున్నా లెక్కంతా అటూ ఇటూ అవుతుంది. నెల రోజులు రాస్తే ఇంకా మంచిదే కానీ, పన్నెండో రోజుకే విసుగొచ్చి ఆపేసేవాళ్లే ఎక్కువ. నేనూ మొదటిసారి అలాగే ఆపేశాను.

ప్రతిసారీ నాలుగు ముక్కలు రాస్తే చాలు: ఎప్పుడు, ఏమిటి, ఎంత, ఎందుకు. ఎందుకు అన్న గడిలో ఒక్క మాట సరిపోతుంది. ఆకలి, నిద్ర, తోడు, అలవాటు. ఈ నాలుగిట్లోనే దాదాపు అన్నీ పట్టేస్తాయి. ఈ ఒక్క మాట రాయకుండా వదిలేస్తే లెక్క పూర్తయ్యాక ఏం చేయాలో తోచదు, ఎందుకంటే అంకె ఎంత ఖర్చయిందో చెబుతుంది కానీ దేన్ని తీసేస్తే నొప్పి ఉండదో చెప్పదు.

ఇంకో గడి కూడా కావాలి. డబ్బు ఎవరిచ్చారు? టీ దగ్గర మనం ఒక్కళ్లమే ఉండటం తక్కువ. ఒకరోజు నేనిస్తాను, ఒకరోజు పక్కవాళ్లు ఇస్తారు. నోటి లెక్కలో ఇది పూర్తిగా జారిపోతుంది.

రాయడంలో ఒక ఇబ్బంది ఉంది. రాస్తున్నామన్న స్పృహతోనే మనిషి తక్కువ తాగుతాడు. మూడో టీకి లేవబోయి, "మళ్లీ రాయాలా" అనుకుని కూర్చుండిపోతాడు. ఇది జరిగిందో లేదో తెలుసుకోవడానికి పాత లావాదేవీలు చూడండి. ఫోనుతో చెల్లించేవాళ్లయితే గత రెండు నెలల జాబితాలో ఆ కొట్టు పేరు వెతికి, రెండు వారాలకు సగటున ఎంత పడిందో చూసుకోవచ్చు. ఒకే కొట్టు రెండు మూడు పేర్లతో కనిపించొచ్చు, కాబట్టి పేరుతో పాటు మొత్తాన్ని బట్టి కూడా వెతకండి. రాసినదానికీ పాతదానికీ తేడా పది శాతంలోపు ఉంటే రాసినదాన్నే నమ్మండి. అంతకు మించితే పాత జాబితాదే నిజం. నగదు ఇచ్చేవాళ్లకు ఇది కుదరదు. వాళ్లు మూడో వారం కూడా రాసి, మొదటి వారాన్ని లెక్కలోంచి తీసేయడం మేలు. కొత్తదనం తగ్గాక మనం మళ్లీ మామూలు మనిషైపోతాం.

నా పద్నాలుగు రోజుల్లో పది పనిరోజులు, నాలుగు సెలవు రోజులు. పనిరోజుల్లో తేలింది ఇది. ఉదయం టీ పదిసార్లు. మధ్యాహ్నం టీ తొమ్మిదిసార్లు. సాయంత్రం మూడో టీ అయిదుసార్లు. మొత్తం 24 కప్పులు. వీటిలో నాలుగింటికి వేరేవాళ్లు డబ్బిచ్చారు. నేను వేరేవాళ్లకు ఇప్పించినవి ఏడు. అంటే నా జేబులోంచి పోయింది 27 కప్పుల డబ్బు, 270. టీతో పాటు చిరుతిండి ఎనిమిదిసార్లు, ఒక్కోటి 15, అంటే 120. అంతా కలిపి 390. పనిరోజుకు 39.

సెలవు రోజుల్లో టీ ఇంట్లోనే. కాకపోతే వారానికోసారి ఒక స్నేహితుడితో కాఫీకి వెళ్లడం ఉంది, అక్కడ ధర వేరు. వెళ్లిన ప్రతిసారీ నా వాటా 50. రెండు వారాల్లో రెండుసార్లు, అంటే నాలుగు సెలవు రోజులకు 100, రోజుకు 25.

365 కాదు, మీ ఏడాదిలో ఎన్ని రోజులు?

అలవాటు క్యాలెండరును బట్టి నడవదు, మనం ఎక్కడుంటే దాన్ని బట్టి నడుస్తుంది. ఆఫీసు టీ ఆఫీసుకు వెళ్లిన రోజే. వారానికి అయిదు రోజుల పని ఉన్నవాళ్లకు ఏడాదిలో సుమారు 261 పనిదినాలు వస్తాయి. అందులోంచి పండగలు, సొంత సెలవులు, జబ్బు రోజులు తీసేయాలి. నాకు అవి 31. మిగిలినవి 230. శని, ఆదివారాలు 104. ఆ 31 రోజులూ నేను ఇంట్లోనో ప్రయాణంలోనో ఉంటాను, వాటికి సున్నా వేసుకున్నాను. ఆరు రోజులు పనిచేసేవాళ్లు, వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పనిచేసేవాళ్లు ఈ రోజుల లెక్కను తమకు తగ్గట్టు వేసుకోవాలి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే, ధర దగ్గర కాదు.

ఇప్పుడు లెక్క ఒక్క వరుసలో అయిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిలో ఇలా కొట్టండి:

```
=230*39+104*25
```

వచ్చింది 11,570. మడిచిపెట్టిన కాగితం తీసి చూస్తే 7,300. రోజులు తగ్గించినా మొత్తం పెరిగింది. నేను ఊహించింది టీ ధర మాత్రమే. టీ పక్కన వచ్చి కూర్చునే చిరుతిండి, ఇప్పించిన కప్పులు, వారాంతపు కాఫీ ఏవీ నా ఊహలో లేవు. మీ రెండు అంకెల మధ్య కూడా తేడా ఉంటే, ఏది మర్చిపోయారో వెతకండి. మనం మర్చిపోయే ఖర్చే సాధారణంగా తేలిగ్గా తగ్గే ఖర్చు కూడా, ఎందుకంటే దాన్ని మనం పెద్దగా ఆస్వాదించడం లేదని అర్థం.

పెద్ద అంకెను చూసి కంగారు పడొద్దు

ఈ దశలో చాలామంది ఆవేశపడి "రేపటి నుంచి టీ బంద్" అంటారు. ఆగండి. 1998లో జాన్ గౌర్‌విల్ అనే మార్కెటింగ్ పరిశోధకుడు ఒక సంగతి చూపించాడు. ఏడాది మొత్తంగా అడిగితే ఎక్కువనిపించే డబ్బునే "రోజుకు ఇంతే" అని చెబితే జనం తేలిగ్గా ఒప్పుకుంటారు, ఎందుకంటే దాన్ని కాఫీలాంటి చిల్లర ఖర్చుతో పోల్చుకుంటారు. చందాలు, వాయిదాలు అమ్మేవాళ్లు వాడేది ఈ కిటుకే. మనం ఇప్పుడు చేసింది దాన్ని తిరగేయడం. రోజువారీ చిల్లరను ఏడాదికి పోగేశాం, కాబట్టి భయం వేస్తోంది. కానీ డబ్బు మాత్రం అదే డబ్బు. చిన్నగా చూపించినా, పెద్దగా చూపించినా రెండూ మనసుతో ఆడే ఆటలే. అందుకే మొత్తాన్ని ముక్కలు చేసి చూడాలి.

ముక్కలు చేయండి

నా 11,570 ఇలా విడిపోయింది:

- ఉదయం టీ: 2,300
- మధ్యాహ్నం టీ: 2,070
- సాయంత్రం మూడో టీ: 1,150
- ఇప్పించినవాటిలో తిరిగి రానివి: 690
- చిరుతిండి: 2,760
- వారాంతపు కాఫీ: 2,600

నాలుగో ముక్క ఎలా వచ్చిందంటే, నేను ఏడు కప్పులు ఇప్పించాను, వేరేవాళ్ల డబ్బుతో నాలుగు తాగాను. తేడా మూడు, పది రోజులకు 30, ఏడాదికి 690. దీన్ని ముట్టుకోదలచుకోలేదు. టీ డబ్బుల దగ్గర లెక్కలు చూసుకునే మనిషిగా పేరు తెచ్చుకోవడం 690 కన్నా ఖరీదైన వ్యవహారం.

ఇప్పుడు "ఎందుకు" గడికి రండి. ఉదయం టీ పక్కన నేను దాదాపు అన్నిసార్లూ "నిద్ర" అని రాశాను. మధ్యాహ్నం దాని పక్కన "తోడు". మూడో టీ పక్కన అయిదుకు నాలుగుసార్లు "అలవాటు". చిరుతిండి పక్కన "ఆకలి". వారాంతపు కాఫీ పక్కన "తోడు", ఒకసారి పక్కనే "నవ్వుకున్నాం" అని కూడా రాసి ఉంది.

"అలవాటు" అని రాసినదాన్ని తీసేయొచ్చు. "ఆకలి" అని రాసినదాన్ని తీసేయలేం, కానీ ఇంకోదానితో తీర్చొచ్చు. "నిద్ర" అని రాసినదాన్ని ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు, అయితే ఎంత కలిసొస్తుందో చూడాలి. "తోడు" అని రాసినదాన్ని నేనైతే వదిలేస్తాను.

బదులుగా అయ్యే ఖర్చు తీసేయండి

మామూలు లెక్కలన్నీ ఈ మెట్టు దగ్గరే తప్పుతాయి. బయట టీ మానేస్తే 10 మిగలదు. ఇంట్లో పెట్టుకుంటే పాలు, టీపొడి, పంచదార, గ్యాసు ఉన్నాయి.

ఇంటి కప్పు ధర తేల్చడానికి గ్రాములు కొలవనక్కర్లేదు. కొత్త పొడి ప్యాకెట్టు విప్పిన రోజు దాని మీద తేదీ రాసి, కప్పు పెట్టినప్పుడల్లా ఒక గీత గీయండి. ప్యాకెట్టు అయిపోయాక ధరను గీతలతో భాగించండి. కప్పుకు 2 నుంచి 3 గ్రాముల పొడి వేసేవాళ్లకు 250 గ్రాముల ప్యాకెట్టు 80 నుంచి 125 కప్పుల దాకా వస్తుంది. పాలు మాత్రం ఒకసారి కొలగిన్నెతో కొలవాలి. పొడి ఖర్చు కన్నా సాధారణంగా పాల ఖర్చే ఎక్కువ ఉంటుంది, కంటికి తెలియదంతే. నాకు ఇంటి కప్పు 4 పడింది.

ఉదయం టీ ఫ్లాస్కులో పట్టుకెళ్తే కప్పుకు 6 మిగులు. 230 రోజులకు 1,380. బాగానే ఉందనిపిస్తుంది. కానీ మంచి ఫ్లాస్కు 600. ఆ డబ్బు తిరిగి రావడానికే వంద పనిరోజులు పడుతుంది. పైగా రోజూ తీసుకెళ్తామా? ఒకరోజు మర్చిపోతాం, ఒకరోజు కడగడం కుదరదు, ఒకరోజు లేటవుతుంది. పది రోజులకు ఏడు రోజులు పట్టుకెళ్తే మిగులు 966. అందులోంచి ఫ్లాస్కు పోతే మొదటి ఏడాది 366. దీనికోసం రోజూ ఉదయం పది నిమిషాలు ముందు లేవాలి. నేను వద్దనుకున్నాను. ఇంట్లో ఎలాగూ టీ పెడుతున్నవాళ్లకు, ఇప్పటికే ఫ్లాస్కు ఉన్నవాళ్లకు ఇదే లెక్క వేరుగా వస్తుంది, వాళ్లు తప్పకుండా చేయొచ్చు.

చిరుతిండి కథ వేరు. పది పనిరోజుల్లో ఎనిమిదిసార్లు కొన్నాను, అంటే ఏడాదికి 184 సార్లు. బయట 15, ఇంటి నుంచి తెచ్చుకుంటే 5. ఒక్కోసారికి 10 మిగులు. వారానికోసారి డబ్బా నింపి ఆఫీసు డ్రాయర్‌లో పెట్టేస్తే రోజూ గుర్తుంచుకునే పని లేదు. అందుకని నాలుగుసార్లకు మూడుసార్లు కుదురుతుందని వేసుకున్నాను. 138 సార్లు, 1,380.

మూడో టీకి బదులేమీ అక్కర్లేదు. ఏడాదికి 115 సార్లు. అయిదుకు నాలుగుసార్లు మానగలననుకుంటే 92 సార్లు, 920. పైగా సాయంత్రం తాగే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. అంటే సాయంత్రం ఆరింటి కప్పులో సగం రాత్రి పదకొండుకీ ఒంట్లోనే ఉంటుంది. నిద్ర సరిగా పట్టక, మర్నాడు ఉదయం టీ మరింత కావాల్సి వచ్చేది కొంత దీనివల్లే.

కలిపితే 1,380కి 920, అంటే 2,300. మొత్తం ఖర్చు 11,570లో దాదాపు అయిదో వంతు. ఇది నా అసలు అంకె. మీది మూడో వంతు కావొచ్చు, పదో వంతు కావొచ్చు. కానీ మొత్తం ఖర్చే మిగులు అయితే మాత్రం ఎక్కడో బదులు ఖర్చు మర్చిపోయారు.

"పదికి ఏడు", "నాలుగుకు మూడు" అని నేను వేసుకున్న ఈ తగ్గింపులకు కొలత ఏమీ లేదు, నా గురించి నాకు తెలిసినదాన్ని బట్టి వేసినవే. కానీ ఏదో ఒక తగ్గింపు వేసుకోవాలి. నూటికి నూరు పాళ్లు కుదురుతుందని వేసుకున్నవాళ్లు మూడో వారంలో రెండుసార్లు తప్పగానే మొత్తం వదిలేస్తారు.

తగ్గించేటప్పుడు తలనొప్పి వస్తే

రోజుకు నాలుగైదు కప్పుల దాకా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు ఎదురుతిరుగుతుంది. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, మత్తు, చిరాకు మొదలవుతాయి. ఒకటి రెండు రోజులకు బాగా పెరుగుతాయి. రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. "నాకు టీ పడకపోతే పని సాగదు" అని అందరూ తేల్చేసేది సరిగ్గా ఈ రెండో రోజునే. అది టీ అవసరమని చెప్పే రుజువు కాదు, మానేసిన వేగం ఎక్కువైందని చెప్పే గుర్తు. వారానికి ఒక కప్పు చొప్పున తగ్గిస్తే, లేదా అదే కప్పును కొన్నాళ్లు సగం తాగితే ఈ బాధ చాలావరకు ఉండదు. ఏడాది లెక్కలో ఆ నాలుగు వారాలు ఆలస్యమైతే పోయేది కొద్ది డబ్బే.

2,300తో ఏం చేయొచ్చు?

ఇప్పుడు మాత్రమే ఈ ప్రశ్న. ముందే అడిగితే 11,570 పెట్టుకుని కలలు కంటాం.

నెలకు వేస్తే సుమారు 190. దీనికి సరిపోయే పనులు మూడు రకాలు. మొదటిది ఏటా ఒకసారి మీద పడే బిల్లు. రెండోది ఒకసారి కొనే వస్తువు. మూడోది చాలా ఏళ్లు పోగేసే పొదుపు. వస్తువుకైతే ధరను 190తో భాగించండి. 4,500 ఖరీదు చేసే సైకిల్‌కు 24 నెలలు పడుతుంది. రెండేళ్ల దాకా అదే వస్తువు మీద మోజు ఉంటుందా అన్నది మీరే చూసుకోవాలి. నాకైతే ఉండదు.

పదేళ్లు పోగేస్తే ఎంతవుతుందో చూపించి ఊరించేవాళ్లు చాలామంది. ఆ లెక్క వేద్దాం. ఏడాదికి 6 శాతం వడ్డీ వచ్చే చోట నెలనెలా 190 పెడితే:

```
=FV(6%/12,120,-190)
=FV(6%/12,120,-190)/1.05^10
```

మొదటి వరుసకు 31,137 వస్తుంది. మీరు వేసింది 22,800, మిగతాది వడ్డీ. రెండో వరుస ధరలు ఏటా 5 శాతం పెరిగితే ఆ డబ్బుతో ఈనాటి లెక్కలో ఎంత కొనగలమో చెబుతుంది. అది సుమారు 19,115. వేసిన 22,800 కన్నా తక్కువ కనిపించి నిరాశ కలగొచ్చు. వడ్డీ వృథా అయిందని కాదు దీని అర్థం. పదేళ్లు అదే 190 వేస్తూ పోయాం, చివరి ఏళ్లలో ఆ 190 విలువ బాగా తగ్గిపోయింది. టీ ధర పెరిగినప్పుడల్లా మానేసిన కప్పు వల్ల మిగిలేదీ పెరుగుతుంది కాబట్టి, నెలవారీ మొత్తాన్ని కూడా ఏటా పెంచాలి. 15, 20 శాతం వడ్డీ పెట్టి, ధరల పెరుగుదల మాటే ఎత్తకుండా ముప్పై ఏళ్ల లెక్క చూపిస్తే దాన్ని నమ్మకండి.

బాకీ ఉన్నవాళ్లకు మాత్రం నాలుగో దారి ఉంది, అదే ముందు. నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డు బాకీలో 1,000 తీర్చేస్తే నెలకు 30 మిగులుతుంది. అదే 1,000 ఏడాదికి 6 శాతం వచ్చే డిపాజిట్‌లో పెడితే నెలకు 5 వస్తుంది. ఇక ఆలోచించేదేముంది?

నేను ఎంచుకున్నది మొదటి రకం. నా వాహన బీమా ఏటా ఒకే నెలలో వస్తుంది, ఇదే కొలతలో 2,000. ఏటా అది అనుకోని ఖర్చులా వచ్చి పడేది. ఏటా అదే నెలలో వచ్చేది అనుకోనిది ఎలా అవుతుందో నాకే తెలియదు. కార్డు మీద వేసి మూడు నెలల్లో తీర్చేవాడిని, వడ్డీ సుమారు 120 పడేది. నెలకు 190 చొప్పున పక్కన పెడితే బిల్లు వచ్చేసరికి 2,280 ఉంటుంది, ఆ 120 కూడా తప్పుతుంది.

డబ్బును జేబులోంచి కదపండి

మానేసిన టీ డబ్బు దానంతటది ఎక్కడికీ చేరదు. అది అదే జేబులో ఉండి వేరేదానికి ఖర్చవుతుంది. జీతం వచ్చిన మర్నాడే 190 వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేయాలి. నగదు వాడేవాళ్లు వారం మొదట్లోనే ఆ వారం వాటా డబ్బాలో వేసేయాలి. "నెలాఖరుకు ఎంత మిగిలితే అంత" అంటే ఏమీ మిగలదు, నేను రెండు నెలలు ఆ పనే చేసి చూశాను.

ముందుగా డబ్బు పక్కన పెట్టడంలో ఇంకో లాభం ఉంది, లెక్క తప్పితే వెంటనే తెలుస్తుంది. నిజంగా తగ్గించలేకపోతే నెలాఖరుకు రెండు రోజుల ముందే జేబు ఖాళీ అవుతుంది.

మొత్తం బడ్జెట్‌లో ఇది ఎంత?

ఇక్కడే ఒక నిమిషం ఆగి, టీ ఖర్చును ఏడాది మొత్తం ఖర్చుతో భాగించండి. నాకు దాదాపు 3 శాతం. అందులో అయిదో వంతు, అంటే 0.6 శాతం మిగిలింది. బీమాకు సరిపోయింది, మంచిదే. కానీ ఇంటి అద్దె, అప్పుల వడ్డీ, వాడని చందాలు చూడకుండా టీ దగ్గరే కూర్చుంటే గోడకు పడ్డ కన్నం వదిలేసి కిటికీ సందు మూసినట్టే. టీ లెక్క మీకు 1 శాతం కన్నా తక్కువ వస్తే ఈ పని ఇక్కడితో ఆపేసి హాయిగా టీ తాగండి.

మూడు నెలల తర్వాత మళ్లీ రెండు వారాలు

తగ్గించామని అనుకోవడం వేరు, తగ్గడం వేరు. మళ్లీ అదే పద్నాలుగు రోజుల పద్దు రాయాలి. ఈసారి ఇంటి నుంచి తెచ్చుకున్న చిరుతిండికి 5 చొప్పున అది కూడా వేయాలి, లేకపోతే ఆ ఖర్చు వంటింటి సరుకుల్లో దాక్కుంటుంది. కొత్తగా మొదలైనవి కూడా రాయాలి. టీ మానేసి పళ్లరసం తాగడం, సాయంత్రం ఆకలి ఆపుకుని రాత్రి భోజనం బయటి నుంచి తెప్పించుకోవడం లాంటివి పాత పేరుతో వెతికితే దొరకవు.

2,300 మిగలాలంటే నా పనిరోజు ఖర్చు 39 నుంచి 29కి దిగాలి. రెండో పద్దులో 31 వచ్చింది. ఆ 2 ఎక్కడిదా అని చూస్తే మధ్యాహ్నం టీతో కొత్తగా తీసుకుంటున్న బిస్కెట్ ప్యాకెట్టు. మూడో టీ పోయిన చోటికి అది వచ్చి చేరింది, నాకు తెలియనే తెలియదు. ఎందుకు అన్న గడిలో "ఆకలి" అని రాసుకున్నాను, కాబట్టి దాన్ని తీసేయలేదు. రోజుకు 8 మిగులు అంటే ఏడాదికి 1,840. నెలవారీ బదిలీని 190 నుంచి 150కి మార్చాను. బీమా నెల వచ్చేసరికి 1,800 ఉంటుంది, తక్కువయ్యే 200 ఆ నెల జీతంలోంచి కడతాను.